మందపాటి పోర్క్ చాప్స్: నీళ్లలో వేడి చేసి, పెనం మీద ఎర్రగా కాల్చి, ఓవెన్‌లో పూర్తిచేసే పద్ధతి

"ముందు ఉడకబెట్టి, తర్వాత పెనం మీద కాల్చి, ఓవెన్‌లో పెట్టాం. పైన రంగు బాగానే వచ్చింది కానీ లోపల కొబ్బరి పీచులా అయింది. ఎక్కడ పొరపాటు జరిగింది?" క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ నన్ను చాలామంది ఇదే అడుగుతుంటారు.

పొరపాటు దాదాపు ప్రతిసారీ మొదటి అడుగులోనే జరుగుతుంది. మన ఇళ్లలో ఉడకబెట్టడమంటే నీళ్లు తెర్లడమే, లేదంటే కుక్కర్‌లో మూడు విజిల్స్. కూర ముక్కకు అది సరిపోతుంది. చాప్‌కు సరిపోదు, ఎందుకంటే అది వీపు కండ. అందులో కొవ్వు తక్కువ, మెత్తబడే నరం పీచూ తక్కువే. తెర్లే నీళ్లలో ఇరవై నిమిషాలుంటే పెనం ఎక్కకముందే అది పూర్తిగా ఉడికిపోయి రసమంతా వదిలేస్తుంది. ఆ తర్వాత పెనమూ ఓవెనూ కలిసి దాన్ని ఎండబెట్టడమే చేస్తాయి.

అలాగని ఉడకబెట్టడం మానేయమని చెప్పను. నీచు వాసన, పైన తేలే మురికి నురగ పోవాలని పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. దాన్ని ఉంచుకోవచ్చు, కాకపోతే నీళ్లు తెర్లకూడదు, ముక్క సగం వేడెక్కగానే బయటికి రావాలి. కింద రాసిందంతా ఆ లెక్క ప్రకారమే.

1. ముక్క ఎంచుకోవడం

నెల్లూరైనా, ఒంగోలైనా, కావలైనా పోర్క్ కొట్లో అడిగే మొదటి మాట "కూరకా, వేపుడికా?" రెండిట్లో ఏది చెప్పినా కత్తి దిగి ముక్కలు చిన్నవైపోతాయి. అందుకే కొట్టకముందే చెప్పాలి: "అన్నా, వీపు వైపు పక్కటెముకతో కలిపి, రెండున్నర వేళ్ల మందాన నిండు ముక్కలు కావాలి. మధ్యలో నరకొద్దు."

రెండున్నర వేళ్లంటే సుమారు 4 సెంటీమీటర్లు. ఇంతకంటే పలచనైతే ఓవెన్ అవసరమే ఉండదు, పెనం మీదే లోపల దాకా ఉడికిపోతుంది. 5 సెంటీమీటర్లు దాటితే ఇక్కడ ఇచ్చిన సమయాలేవీ పనికిరావు. ఎముకతో ఉన్న 4 సెంటీమీటర్ల చాప్ ఒక్కోటి 350 నుంచి 420 గ్రాములు తూగుతుంది.

సీమ పంది మాంసమైతే మేలు. ఊర పంది కండ చిన్నది, ముదురుది, అది పులుసుకే బాగుంటుంది.

కోసిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. కండ పీచుల మధ్య బియ్యపు గింజంత తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే ఆ మాంసం కొనకండి. అవి బద్దెపురుగు తిత్తులు. కొవ్వు గీతకూ దీనికీ తేడా సులభంగానే తెలుస్తుంది. కొవ్వు గీత పొడవుగా సాగి ఉంటుంది. తిత్తి గుండ్రంగా, విడిగా, పొంగినట్టు ఉంటుంది. అయితే కంటికి ఏమీ కనపడనంత మాత్రాన లేవని కాదు, అసలు భరోసా ఉష్ణోగ్రతే.

2. ముందు రోజు రాత్రి: ఉప్పు

చాప్ అంచున తెల్లటి కొవ్వు పట్టీ ఉంటుంది. దానికీ కండకూ మధ్య గట్టి పలచని పొర ఒకటి ఉంటుంది. పెనం తగలగానే ఆ పొర ముడుచుకుని ముక్క గిన్నెలా వంగుతుంది, మధ్య భాగం పెనానికి ఆనదు. అందుకని కొవ్వు మీదుగా ఆ పొర దాకా రెండు అంగుళాలకొక గాటు పెట్టండి. కండలోకి దిగొద్దు.

ఒక్కో చాప్‌కు ఒక చెంచా మెత్తటి ఉప్పు, అంటే 5 గ్రాములు, రెండు వైపులా సమంగా రాసి, జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచండి. కింద పళ్లెం పెట్టడం మరిచిపోవద్దు. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది, వేడిలో కండ తన నీటిని కాస్త గట్టిగా పట్టుకుంటుంది. టైమ్ లేకపోతే కనీసం నాలుగు గంటలు ఉంచండి.

పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ఇప్పుడే పట్టించకండి. పెనం వేడికి ముందుగా మాడేవి అవే.

3. థర్మామీటర్

సన్నటి సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఉండాలి. అది లేకపోతే ఈ వంట పెట్టుకోవద్దనే చెప్తాను. ఆ మాంసాన్ని చిన్న ముక్కలు కొట్టించి వేపుడు చేసుకోండి, అది చూపుతోనే తెలిసిపోయే వంట. మందపాటి ముక్క అలా తెలియదు.

వాడేముందు సరిచూసుకోవాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, అది మునిగేంత నీళ్లు పోసి, కలిపి, సూది మధ్యలో పెట్టండి. 0 చూపాలి. తర్వాత తెర్లే నీళ్లలో పెడితే 100కు దగ్గరగా చూపాలి. మన నెల్లూరు సముద్ర మట్టానికి దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు తెర్లేది 100 దగ్గరే. రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఆ రెండూ ప్రతిసారీ తీసేసి చదువుకోండి.

సూది పైనుంచి గుచ్చొద్దు. పక్కనుంచి, మందంలో సరిగ్గా మధ్యకు, కండ నడిమికి పోవాలి. ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపుతూ చూడండి, అందులో అన్నిటికంటే తక్కువ చూపిన అంకే ముక్క అసలు ఉష్ణోగ్రత.

4. ఎంత దాకా వండాలి

అమెరికా వ్యవసాయ శాఖ 2011లో నిండు పోర్క్ ముక్కలకు లెక్క మార్చింది. అంతకుముందు 71 డిగ్రీలు అనేది. ఇప్పుడు మధ్యలో 63 డిగ్రీలు వచ్చి, తర్వాత కనీసం మూడు నిమిషాలు రెస్ట్ ఇస్తే చాలంటోంది. ఆన్‌లైన్‌లో చూసే చాప్స్ లోపల గులాబీ రంగులో కనిపించేది ఇందుకే.

మన దగ్గర నేను 71 దగ్గరే ఆగుతాను. పంది ఎక్కడ పెరిగిందో, దాన్ని ఎవరైనా తనిఖీ చేశారో లేదో కొట్టు దగ్గర మనకు తెలియదు. 63 అన్న లెక్కలో థర్మామీటర్ రెండు డిగ్రీలు తప్పినా, సూది మధ్యకు పోకపోయినా సర్దుకునే జాగా లేదు. 71లో ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు తినేదైతే ఈ విషయంలో రెండో ఆలోచన పెట్టుకోకండి.

71 దగ్గర ముక్క పొడిగా అవుతుందన్న భయం వద్దు. ఉప్పు పట్టించిన చాప్ ఈ వేడిలో ఇంకా రసంగానే ఉంటుంది. 75 దాటాక ఎండడం తెలుస్తుంది, 80 దాటితే ఇక ఎవరూ బాగుచేయలేరు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: ఓవెన్ నుంచి 67 దగ్గర తీయాలి, మిగతా నాలుగు డిగ్రీలు రెస్ట్‌లో వస్తాయి. నమ్మకమైన చోట కొన్న మాంసంతో 63 చేయాలనుకునేవాళ్లు 60 దగ్గర తీసి, రెస్ట్‌లో 63 చేరిందని చూసి, అక్కణ్ణుంచి మూడు నిమిషాలు లెక్కపెట్టండి.

రంగును మాత్రం నమ్మకండి. ఎముక పక్కన 71 దాటినా ఎర్రగా ఉండొచ్చు. కొన్ని ముక్కలు ఉడకకముందే తెల్లబడతాయి కూడా.

5. నీళ్లలో వేడి చేయడం

చాప్స్ రెండూ మునిగేంత వెడల్పు గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు పోయండి. లీటరుకు ఒక పెద్ద చెంచా ఉప్పు, ఐదారు మిరియాలు, దంచిన వెల్లుల్లి రెబ్బలు నాలుగు, రెండు రెమ్మల కరివేపాకు, కాస్త పసుపు వెయ్యండి. వట్టి నీళ్లయితే రాత్రి పట్టించిన ఉప్పు వాటిలోకి దిగిపోతుంది, అందుకే ఈ ఉప్పు.

నీళ్లు 75 డిగ్రీలకు రావాలి. అప్పుడు అడుగున చిన్న బుడగలు అంటుకుని ఉంటాయి, ఆవిరి వస్తుంది, పైన కదలిక ఉండదు. బుడగలు పైకొచ్చి పగులుతుంటే వేడి ఎక్కువైందని అర్థం, గ్లాసుడు చన్నీళ్లు పోయండి.

ముక్కలను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఇందులో వెయ్యండి. "ముందు గంటో రెండు గంటలో బయట పెట్టాలి" అన్న సలహా చల్లటి దేశాలది. మన మే నెల ఎండలో వంటగదిలో పచ్చి మాంసం రెండు గంటలుంటే పాడవడం మొదలవుతుంది. కొళాయి కింద కడగడమూ వద్దు, ఆ తుంపరలు సింకంతా పడతాయి. ఆ పని ఈ నీళ్లే చేస్తాయి.

ముక్కలు పడగానే నీటి వేడి కాస్త తగ్గుతుంది, మంట సర్ది మళ్లీ 75కు తెచ్చుకోండి. పదిహేను నిమిషాల్లో ముక్క మధ్య భాగం 40 డిగ్రీల దగ్గరికొస్తుంది. అక్కడ తీసేయాలి. పైన తెల్లగా ఉన్నా లోపల ఇంకా పచ్చే.

ఇక్కడొక కఠినమైన నియమం ఉంది. ఇలా సగం వేడెక్కిన ముక్కను పక్కన పెట్టి సాయంత్రం కాల్చుకుందాం అనుకోవద్దు. నలభై డిగ్రీల ముక్క క్రిములు పెరగడానికి అనువైన చోటు. నీళ్లలోంచి తీసింది నేరుగా పెనం మీదికే వెళ్లాలి. కాబట్టి ముక్కలు నీళ్లలో వేసేముందే ఓటీజీ స్విచ్ వేసి ఉండాలి.

6. ఆరబెట్టి ఎర్రగా కాల్చడం

ముక్క తడిగా ఉంటే పెనం వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. నీరు ఉన్నంతసేపూ ముక్క పై భాగం 100 దాటదు, రంగు రావాలంటే దానికంటే చాలా వేడి కావాలి. శుభ్రమైన నూలు గుడ్డతో రెండు వైపులా, అంచులు, ఎముక సందు గట్టిగా ఒత్తి తుడవండి. నీటి వేడికే మిగతా తేమ రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. ముట్టుకుంటే వేలికి తడి అంటకూడదు. ఆ గుడ్డను వేడినీళ్లలో సబ్బుతో ఉతికేదాకా దేనికీ వాడకండి.

దోసెల ఇనుప పెనం దీనికి బాగుంటుంది. నాన్‌స్టిక్ వద్దు, అది ఇంత వేడికి చేసింది కాదు. పెనాన్ని పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు కాలనిచ్చి, రెండు చెంచాల రిఫైండ్ వేరుశనగ నూనె వేసి, సన్నటి పొగ మొదలవగానే ముక్కలు వెయ్యండి.

ముందు కొవ్వు అంచు. పట్టకారుతో రెండు ముక్కలనూ కలిపి నిలబెట్టి, కొవ్వు పట్టీ మీద రెండు నిమిషాలు కాల్చండి. ఆ కొవ్వు కరిగి పెనంలోకి దిగుతుంది, మిగతా కాల్పు అందులోనే అవుతుంది. తర్వాత ఒక్కో వైపు రెండు నిమిషాలు. మధ్యలో కదపొద్దు. ఎత్తబోతే పెనాన్ని పట్టుకుని ఉందంటే ఇంకా రంగు పట్టలేదు, అరనిమిషం ఆగితే దానంతటదే వదులుతుంది.

చప్పుడు వింటూ ఉండండి. చిటపటలు గట్టిగా ఉన్నంతవరకు సరిగ్గా కాలుతున్నట్టే. అది తగ్గి బుసబుసమంటుంటే నీరు ఊరుతోంది, ముక్కలు ఎక్కువయ్యాయి లేదా మంట చాలలేదు. ఒక పెనానికి రెండు చాప్స్ మించొద్దు.

మసాలా ఇప్పుడు పట్టించాలి. ఒక చెంచా మిరియాల పొడి, అరచెంచా కారం, నాలుగు రెబ్బల వెల్లుల్లి ముద్ద, పెనంలోని కొవ్వు చెంచాడు కలిపి పైన పూయండి.

7. ఓటీజీలో

180 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ ఆన్. ట్రే లోపలే ఉంచి ఇరవై నిమిషాలు వేడి చేయండి. ఎర్ర లైటు ఆరిందని పది నిమిషాలకే పెట్టేయొద్దు, గాలి వేడెక్కినా గోడలు, ట్రే వేడెక్కి ఉండవు. దోసె పెనం పిడితో ఓటీజీలో పట్టదు కాబట్టి ముక్కలను ఆ వేడి ట్రే మీదికి మార్చి మధ్య అరలో పెట్టండి.

ఐదో నిమిషంలో మొదటిసారి సూది పెట్టండి, 60 దాటాక రెండు నిమిషాలకోసారి చూడండి. తలుపు తెరిచినప్పుడల్లా వేడి పోతుంది కాబట్టి ట్రే బయటికి లాగి, తలుపు మూసి, అప్పుడు కొలవండి. రెండు ముక్కలూ ఒకేసారి కావు. 67 వచ్చింది వచ్చినట్టు తీసేయండి, రెండోదాన్ని లోపలే ఉంచండి.

8. రెస్ట్

ఓవెన్‌లోంచి తీసినప్పుడు ముక్క పైపొర మధ్య భాగం కంటే చాలా వేడిగా ఉంటుంది. ఆ వేడి లోపలికి పాకుతూ మధ్య భాగాన్ని 71కి తెస్తుంది. అదే సమయంలో రసం కాస్త చిక్కబడుతుంది. వెంటనే కోస్తే ఆ రసం పళ్లెంలోకి పోతుంది, వంట కూడా పూర్తయి ఉండదు.

జాలీ మీద ఎనిమిది నిమిషాలు ఉంచండి. స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే పైన వచ్చిన కరకర ఆవిరికి మెత్తబడిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపాలి. ఈ ఒక్కటి చాలామంది గమనించరు. గాలి తగిలిన ముక్క పైపొర వేడి బయటికే పోతుంది, లోపల 68 దగ్గరే ఆగిపోతుంది.

థర్మామీటర్ సూది అలాగే ఉంచి చూస్తుండండి. అంకె మెల్లగా ఎక్కి, ఒకచోట ఆగి, దిగడం మొదలుపెడుతుంది. ఆ ఆగిన అంకె 71 కాకపోతే మళ్లీ రెండు నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి.

9. మా ఇంట్లో ఒక వంట, నిమిషాల లెక్కతో

మొన్న డిసెంబరులో కావలిలో మా ఇంట్లో రెండు చాప్స్ చేశాను. ఒకటి 380 గ్రాములు, ఇంకోటి 410. మా అత్తమ్మది ఒంగోలు దగ్గర పల్లె. నీళ్లలోంచి పదిహేను నిమిషాలకే తీస్తుంటే పక్కనే నిలబడి, "ఏందమ్మా, ఇంకా ఉడకందే తీస్తన్నావు?" అన్నారు. "ఉడకడం ఓవెన్‌లో అవుద్ది అత్తమ్మా, ఇది నీచు పోవడానికే" అని థర్మామీటర్ చూపించాను.

తీసినప్పుడు చిన్నది 41, పెద్దది 39. తుడిచి ఆరబెట్టేసరికి పైవేడి లోపలికి దిగి రెండూ 45 దాటాయి. పెనం మీద కాల్చి మసాలా పూసేటప్పటికి చిన్నది 51, పెద్దది 49.

ఓటీజీలో చిన్నది ఐదో నిమిషానికి 58, తొమ్మిదికి 64, పదకొండుకు 67. తీసేశాను. పెద్దదానికి పదమూడు నిమిషాలు పట్టింది. జాలీ మీద చిన్నది ఆరో నిమిషంలో 71 చేరి ఆగింది. పెద్దది 70 దగ్గరే ఆగిపోతే మళ్లీ రెండు నిమిషాలు లోపల పెట్టాను.

కోస్తే మధ్యలో పాలిపోయిన తెలుపు, ఎముక పక్కన సన్నగా ఎరుపు. అత్తమ్మ ఆ ఎరుపు దగ్గర వేలు పెట్టి చూపించారు. అక్కడే సూది గుచ్చి 70 ఉందని చూపించాక తిన్నారు. "పీచు లేదే" అన్నారు.

10. తప్పు జరిగితే

*పైన మాడింది, లోపల 55 కూడా లేదు.* ఓవెన్ 150కి తగ్గించి, పైరాడ్ ఆపి, కింది రాడ్‌తోనే నెమ్మదిగా 67 చేర్చండి.

*నీళ్లలో మర్చిపోయాను, 60 దాటింది.* ఓవెన్ మానేయండి. తుడిచి, ఒక్కో వైపు నిమిషం మాత్రం బాగా కాలిన పెనం మీద రంగు తెచ్చి, సూది పెట్టి 71 చూసుకోండి.

*మధ్యలో కరెంటు పోయింది.* పెనం మీద మూత పెట్టి, చిన్న మంట మీద, రెండు నిమిషాలకోసారి తిప్పుతూ 67 దాకా తీసుకెళ్లొచ్చు. పైన కరకర పోతుంది, ముక్క మాత్రం బాగుంటుంది.

*80 దాటిపోయింది.* చాప్‌గా తినలేరు. ఎముక తీసి, పీచుకు అడ్డంగా పలచగా కోసి, ఆ వేడి చేసిన నీళ్లు ఒక గ్లాసు బాగా తెర్లించి పోసి, ఉల్లిపాయ, మిరియాలతో వేపుడుగా మార్చుకోండి.

నీళ్లలో వెయ్యకముందు సరిచూసుకోండి

- రాత్రి ఉప్పు పట్టించారా, కొవ్వు అంచుకు గాట్లు పెట్టారా
- థర్మామీటర్ ఐసులో 0 చూపిందా
- ఓటీజీ 180లో ఆన్ చేసి, ట్రే లోపల ఉందా
- పెనం, పట్టకారు, పొడి గుడ్డ, జాలీ చేతికందేలా ఉన్నాయా
- పచ్చి మాంసం తగిలిన బల్ల, కత్తి పక్కకు తీసి, కోయడానికి వేరేవి పెట్టారా

ఉడికించని దారి కావాలనుకునేవాళ్లకు ఒక మాట. నీళ్లు పూర్తిగా వదిలేసి, ఫ్రిజ్ నుంచి తీసిన చాప్‌ను తుడిచి, ఒక్కో వైపు మూడు నిమిషాలు కాల్చి, అదే ఓవెన్‌లో పెట్టొచ్చు. చల్లగా మొదలవుతుంది కాబట్టి ఓవెన్‌లో ఇంకా ఎక్కువసేపు పడుతుంది, పదో నిమిషం నుంచి సూది పెడుతూ చూడండి. తీసేది 67 దగ్గరే, రెస్ట్ ఎనిమిది నిమిషాలే.